రెండేళ్లు దాటితే కంటికి సరే, మోకాళ్లకు ఎందుకు కాదు?

*నా వయసు 69. తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. 2023 జూన్ 12న మూడు లక్షలకు ఆరోగ్య బీమా తీసుకున్నాను. సుగరు, బీపీ ఉన్నాయని ఫారంలో రాశాను. మోకాళ్ల నొప్పి అప్పటికే కొద్దిగా ఉండేది, అది రాయలేదు. ఈ జూన్ (2025) రెన్యువల్‌లో ఐదు లక్షలకు పెంచాను. ఈ దసరాకి కుడికంటికి శుక్లం ఆపరేషన్ చెయ్యాలన్నారు, రెండు మోకీళ్లూ మార్చాలన్నారు. కంటికి 62 వేలు, మోకాళ్లకు 4 లక్షల 80 వేలు అవుతుందట. ఏజెంటేమో రెండేళ్లు దాటింది, అన్నీ వస్తాయంటాడు. ఆస్పత్రి బీమా కౌంటర్లో మూడేళ్లు నిండాలంటున్నారు. పాలసీ పుస్తకంలో 24 నెలలు, 36 నెలలు అని రెండు చోట్ల ఉంది. శుక్లానికి కంటికి 40 వేలు అని కూడా ఉంది. నాకు ఏది వర్తిస్తుందో తెలిసేలా చెప్పగలరా?*

మాస్టారూ, ఏజెంటు చెప్పింది మీ కంటికి సరిపోతుంది, ఆస్పత్రి వాళ్లు చెప్పింది మోకాళ్లకు సరిపోతుంది. ఇద్దరూ ఒకే పాలసీ గురించి మాట్లాడుతున్నా, ఒక్కొక్కరు ఒక్కో గడియారం చూస్తున్నారు. మీ పాలసీలో అలాంటి గడియారాలు మూడున్నాయి. ఏది ఎప్పుడు మొదలైందో, ఏ జబ్బుకు ఏది తిరుగుతోందో తెలిస్తే పుస్తకం దానంతటదే అర్థమవుతుంది.

పుస్తకంలో "మినహాయింపులు" అన్న అధ్యాయం తియ్యండి. అక్కడ Excl01, Excl02, Excl03 అని వరసగా నంబర్లుంటాయి. ఏ కంపెనీ పాలసీలోనైనా ఈ నంబర్లకు అర్థం ఒకటే, ఎందుకంటే ఆ మాటలు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అందరికీ ఒకేలా రాసిచ్చింది. మొదటి మూడూ వేచి ఉండే కాలాలు, అంటే గడువు తీరాక తలుపు తెరుచుకునేవి. నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఉన్నవి ఎన్నేళ్లయినా తెరుచుకోనివి. చాలామంది ఈ రెండు రకాలనూ కలిపేసి "మినహాయింపు ఉందట, రాదట" అనుకుని ఊరుకుంటారు. మొదట విడదీయాల్సింది ఇదే.

Excl03 మీకు గడిచిపోయింది. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప ఏ జబ్బుకూ డబ్బు రాదన్నదే అందులో ఉన్నది.

Excl02 అంటే కొన్ని జబ్బుల జాబితా. శుక్లం, హెర్నియా, మొలలు, మూత్రపిండాల్లో రాళ్లు, పిత్తాశయంలో రాళ్లు, ప్రొస్టేట్ వాపు లాంటివి అందులో ఉంటాయి. ఇవి నిదానంగా ముదిరేవి, ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలో మనిషి తానే నిర్ణయించుకోగలిగేవి. ఆపరేషన్ ఖాయమయ్యాక పాలసీ కొని, వచ్చే నెల డబ్బు తీసుకుని వెళ్లిపోకుండా కంపెనీలు ఇక్కడ ఆగమంటాయి. మీ పుస్తకంలో ఈ జాబితా రెండు ముక్కలుగా ఉండి ఉంటుంది. శుక్లం ఉన్న ముక్కకు 24 నెలలు, వయసు వల్ల అరిగిన కీళ్ల మార్పిడి ఉన్న ముక్కకు 36 నెలలు. రెండంకెలు రెండు చోట్ల కనబడటానికి కారణం ఇదే. ఒక్కసారి ఆ జాబితాలో మీ మోకీళ్ల మాట ఏ ముక్కలో ఉందో వేలు పెట్టి చూసుకోండి. ఇంకో సంగతి, ఈ జాబితాలోని జబ్బు పాలసీ తీసుకున్నాక కొత్తగా వచ్చినా సరే, గడువు తీరాల్సిందే.

Excl01 పాలసీకి ముందే ఉన్న జబ్బులది. మీ సుగరు, బీపీ ఇందులోకి వస్తాయి. ఆ జబ్బు ఒక్కటే కాదు, దాని నుంచి నేరుగా వచ్చిన ఇబ్బందులకు కూడా మీ పుస్తకం ప్రకారం 36 నెలలు. ఐఆర్‌డీఏఐ 2024లో ఈ గడువుకు గరిష్ఠం 36 నెలలని తేల్చింది, అంతకు ముందు 48 దాకా ఉండేది.

ముందు కన్ను

మీ మొదటి పాలసీ 2023 జూన్ 12న మొదలైంది కాబట్టి 24 నెలలు 2025 జూన్ 11తో నిండాయి. శుక్లం ఆపరేషన్ ఇప్పుడు చేయించుకోవచ్చు. కంటికి ఒకే పూటలో అయిపోయే ఆపరేషన్ కాబట్టి, 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలన్న షరతు దీనికి అడ్డురాదు. పుస్తకంలో కంటికి 40 వేలే పరిమితి ఉంది కనుక 62 వేల బిల్లులో 22 వేలు మీరు కట్టుకోవాలి. దీన్ని మినహాయింపు అనరు, హద్దు అంటారు. ఎన్నేళ్లు ఆగినా మారదు. ఆ 62 వేలలో ఖరీదైన లెన్సు ఎంత ఉందో అడగండి. కళ్లజోడు లేకుండా దూరం, దగ్గర రెండూ కనిపించే లెన్సుకు అదనంగా వేస్తారు, మామూలు లెన్సు అయితే బిల్లు 40 వేల దగ్గరికి దిగొచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది, మీకు సుగరు ఉండబట్టి. Excl02లో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: జాబితాలోని జబ్బు పాత జబ్బు కిందికి కూడా వస్తే, రెండు గడువుల్లో ఏది పెద్దదో అదే వర్తిస్తుంది. అంటే శుక్లానికి కారణం వయసు అయితే మీకు 24 నెలలు, సుగరు అయితే 36 నెలలు. డిశ్చార్జ్ సమ్మరీలో "వయసు వల్ల వచ్చిన శుక్లం" అని ఉంటే ఇప్పుడే వస్తుంది. "మధుమేహం వల్ల వచ్చిన శుక్లం" అని ఉంటే వచ్చే జూన్ దాకా ఆగమంటారు.

అందుకని కంటి డాక్టరుతో ఏదో ఒకటి రాయించుకోమని నేననడం లేదు. ఆయన పరీక్షలో నిజంగా కనిపించిందే రాయాలి. కానీ సుగరు ఉన్న ప్రతివాడి శుక్లమూ సుగరు వల్లే వచ్చిందనడానికి వీల్లేదు, అరవై తొమ్మిదేళ్లకు సుగరు లేనివాళ్లకూ వస్తుంది. జరిగేదేమిటంటే, రిపోర్టు టైపు చేసే కుర్ర డాక్టరు పైన "మధుమేహ రోగి" అని, కింద "శుక్లం" అని రాసి, రెంటినీ కలిపి ఒక మాట చేసేస్తాడు. బీమా కంపెనీ ఆ ఒక్క మాట పట్టుకుంటుంది. ఆపరేషన్‌కు ముందే డాక్టరుగారిని "నా శుక్లానికి కారణం ఏమిటండీ, రిపోర్టులో స్పష్టంగా రాస్తారా?" అని అడగండి. ఆయన రాసినదాన్ని కౌంటర్ వాళ్లు క్యాష్‌లెస్ ఫారంలో యథాతథంగా ఎక్కించారో లేదో చూడండి. ఫారం మీద సంతకం మీదే కాబట్టి చదివి పెట్టే హక్కూ మీదే.

ఇక మోకాళ్లు

ఇక్కడ 36 నెలలు. అవి 2026 జూన్ 11తో నిండుతాయి. జూన్ 12కు ముందు చేరితే, నొప్పి ఎంత ఉన్నా, డాక్టరు ఎంత గట్టిగా చెప్పినా రాదు. ఆస్పత్రిలో చేరిన తేదీని చూస్తారు కాబట్టి మే నెలాఖరులో చేరి జూన్ మధ్యలో బిల్లు పెట్టడం పనిచేయదు.

అయితే అసలు లెక్క తేలేది మీరు పెంచిన ఆ రెండు లక్షల దగ్గర. బీమా మొత్తాన్ని పెంచినప్పుడు, పెరిగినంత మేరకు గడువులన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. పుస్తకంలో ఈ మాట Excl01లోనూ ఉంటుంది, Excl02లోనూ ఉంటుంది. పాత మూడు లక్షలకు గడియారం 2023లో మొదలైంది, కొత్త రెండు లక్షలకు 2025 జూన్ 12న మొదలైంది. వచ్చే జూన్‌లో పాత మూడు లక్షలకే 36 నెలలు నిండుతాయి. కొత్త రెండు లక్షలు మోకాళ్లకు పనికొచ్చేది 2028 జూన్‌లో. ఐదు లక్షల కార్డు చేతిలో ఉంది కదా అని 2026 జూలైలో రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకుంటే, 4 లక్షల 80 వేల బిల్లుకు మూడు లక్షలకు మించి రాదు. లక్షా ఎనభై వేలు చేతి నుంచి పడతాయి. ఈ మాట మీకు రెన్యువల్ రోజే ఏజెంటు చెప్పి ఉండాల్సింది.

దీనికొక మార్గముంది. బీమా మొత్తం ఏడాదికేడాది కొత్తగా వస్తుంది. ఒక పాలసీ సంవత్సరంలో వాడింది వచ్చే సంవత్సరంలో తరగదు. మీ డాక్టరు రెండు మోకాళ్లూ ఒకేసారి చేయాల్సిన పనిలేదంటే, మొదటిది 2026 జూన్ 12 తర్వాత, రెండోది 2027 జూన్ 12 తర్వాత అనుకోండి. ఒక్కో మోకాలికి మీరు చెప్పిన లెక్కన సుమారు 2 లక్షల 40 వేలు, రెండుసార్లూ పాత మూడు లక్షల లోపే. విడదీసి చేయించుకోవడం తప్పేమీ కాదు, నియమానికి లోబడిందే. విడివిడిగా చేస్తే ఆస్పత్రి ఖర్చు మొత్తం మీద కొంత పెరగొచ్చు, కాబట్టి విడి ఆపరేషన్‌కు అంచనా ముందే కాగితం మీద తీసుకోండి. ఏ మోకాలు ముందో డాక్టరే చెప్పాలి. రెండోదానికి ఏడాది ఆగగలరో లేదో కూడా ఆయనే.

ఇప్పుడు మీరు ఉత్తరంలో మధ్యలో పెట్టి దాటేసిన మాటకొద్దాం: "మోకాళ్ల నొప్పి అప్పటికే కొద్దిగా ఉండేది, అది రాయలేదు."

ఇది 36 నెలల కన్నా పెద్ద సమస్య కావచ్చు. పాత జబ్బుకు గడువు నిండిన తర్వాత డబ్బు రావాలంటే ఆ జబ్బును ఫారంలో చెప్పి ఉండాలన్న షరతు కూడా Excl01లోనే ఉంది. చెప్పని జబ్బుకు గడువు నిండటం అంటూ ఉండదు. అయితే పాత జబ్బు అంటే నొప్పి ఉండటం కాదు. పాలసీకి ముందు నిర్ణీత కాలంలో డాక్టరు దాన్ని గుర్తించి ఉండాలి, లేదా వైద్యం చేయించుకొమ్మని చెప్పి ఉండాలి, లేదా మీరు వైద్యం చేయించుకుని ఉండాలి. ఆ కాలం ఎంతో మీ పుస్తకం "నిర్వచనాలు" పేజీలో ఉంటుంది. పొద్దున్నే లేచేటప్పుడు మోకాలు పట్టేసి, ఇంట్లో బామ్ రాసుకుని ఊరుకుంటే అది ఆ నిర్వచనంలోకి రాదు. 2022లో ఎముకల డాక్టరుకు చూపించుకుని ఎక్స్‌రే తీయించి మాత్రలు వాడి ఉంటే వస్తుంది. మీ ఇంట్లో పాత చీటీలు తీసి చూడండి.

ఏ చీటీ లేకపోతే మీరు జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. మోకీలు ఆపరేషన్‌కు చేరినప్పుడు "ఎన్నాళ్ల నుంచి?" అని అడుగుతారు. మనవైపు పెద్దవాళ్లు "ఏముంది బాబూ, పదేళ్ల నుంచీ ఉంది" అనేస్తారు. అది "పదేళ్లుగా మోకాళ్ల వ్యాధి" అని కేస్ షీటులోకి ఎక్కుతుంది. అందులో అబద్ధం లేకపోయినా, రెండు వేర్వేరు సంగతులు ఒకటైపోయాయి. నొప్పి ఎప్పటి నుంచో, డాక్టరుకు మొదటిసారి ఎప్పుడు చూపించుకున్నారో రెండూ వేరుగా చెప్పండి, రెండూ రాయమనండి. సుగరు విషయంలో కూడా ఇంతే. ఫారంలో "ఎనిమిదేళ్లు" అని రాసి, ఆస్పత్రిలో "పదిహేనేళ్లు" అంటే కంపెనీ ఆ తేడా మీద ప్రశ్నలు పంపుతుంది. ఆస్పత్రికి వెళ్లేముందు మీ ప్రపోజల్ ఫారం కాపీ తీసి, మీరేం రాశారో మీరే మళ్లీ చదువుకోండి. ఏజెంటు నింపి మీ చేత సంతకం పెట్టించుకున్నదైతే మరీ చదవండి.

చీటీలు దొరికితే, ఆపరేషన్ వేళ బయటపడే దాకా ఆగొద్దు. కంపెనీకి ఇప్పుడే ఉత్తరం రాసి చెప్పడం మేలు. దాచిన జబ్బు తెలిసినప్పుడు పాలసీ రద్దు చేయడం ఒక్కటే వాళ్లకున్న దారి కాదు. మీ ఒప్పుదలతో ఆ జబ్బుకు కొత్తగా కొంత గడువు పెట్టడమో, ప్రీమియం పెంచడమో చేసి పాలసీ కొనసాగించే వీలూ ఉంది. మోకాళ్లు వెనకబడతాయి, కానీ గుండెకీ కిడ్నీకీ ఉన్న రక్షణ నిలుస్తుంది. ఆపరేషన్ బల్ల దగ్గర తేలితే అంత నెమ్మదిగా మాట్లాడుకునే వీలుండదు.

ఇంకొక గడియారం ఉంది, అది మీ పక్షాన తిరిగేది. పాలసీ వరసగా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత "మీరు ఫలానాది చెప్పలేదు" అన్న కారణం మీద కంపెనీ క్లెయిమ్ కాదనకూడదు, మోసం చేశారని రుజువైతే తప్ప. పాత మూడు లక్షలకు అది 2028 జూన్ 11తో నిండుతుంది. పెరిగిన రెండు లక్షలకు లెక్క వేరు, 2025 జూన్ నుంచి మళ్లీ 60 నెలలు.

ఈ గడియారాలన్నీ ఒక్క షరతు మీద నడుస్తాయి, పాలసీ మధ్యలో తెగకూడదు. ఏడాదికోసారి ప్రీమియం కట్టేవాళ్లకు గడువు తేదీ దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంది. జూన్ 12న కట్టాల్సింది జూలై మొదటివారంలో కట్టినా పాత నెలలు పోవు. కానీ కట్టని ఆ కొద్ది రోజుల్లో జబ్బు చేస్తే రూపాయి రాదు. 30 రోజులూ దాటితే అప్పటిదాకా నిండిన నెలలన్నీ పోయి, ఒకటో నెల నుంచి మొదలు. మీ వయసులో కొత్త పాలసీ ఇస్తారో లేదో కూడా అప్పుడు వాళ్ల ఇష్టం. కంపెనీ మారాలనుకుంటే రెన్యువల్‌కు రెండు నెలల ముందే బదిలీ కింద దరఖాస్తు పెట్టండి, "కొత్త పాలసీ"గా కాదు. బదిలీలో పాత నెలలు మీతో వస్తాయి.

మరో చిన్న విషయం. ఆస్పత్రి కౌంటర్‌కు మీరు ఇచ్చేది ఈ ఏటి పాలసీ కాపీ. దాని మీద "2025 జూన్ 12 నుంచి 2026 జూన్ 11" అని ఉంటుంది. కౌంటర్లో కూర్చున్నవారు అదొక్కటే చూసి "నాలుగు నెలల పాలసీయే" అని తేల్చేస్తారు. షెడ్యూలు పేజీలో "మొదటి పాలసీ ప్రారంభ తేదీ" అన్న గడి ఉంటుంది, దానికింద గీత గీసి ఇవ్వండి. 2023, 2024 కాపీలు కూడా జత చేయండి. ఆ గడి ఖాళీగా ఉన్నా, 2025 తేదీ పడినా, ఇప్పుడే కంపెనీకి రాసి దిద్దించుకోండి. ఆపరేషన్ రోజు దిద్దించుకోవడం కుదరదు.

ఎన్నాళ్లకీ తెరుచుకోని తలుపుల్లో మీ వయసువాళ్లకు తగిలేవి రెండు. Excl04: పరీక్షల కోసమే చేరడం. ఛాతీలో మంటగా ఉందని రెండు రోజులుంచి, అన్ని పరీక్షలూ చేసి, ఏమీ లేదని పంపితే, దాన్ని "పరీక్షల కోసం చేరిక" అనేస్తారు. చేరిన రోజు మీకున్న ఇబ్బంది, డాక్టరు ఇచ్చిన ఇంజక్షన్లు, సెలైన్లు, బయట చేయలేని వైద్యం ఏముందో కేస్ షీటులో ఉంటేనే వాదించే వీలుంటుంది. Excl05: విశ్రాంతి కోసం, ఆలనాపాలనా కోసం చేరడం. మోకీలు మార్చాక నెల రోజులు పునరావాస కేంద్రంలో ఉంచుతామంటే ఆ ఖర్చు రాదు. ఆపరేషన్ తర్వాత నిర్ణీత రోజుల దాకా అయ్యే వైద్యం ఖర్చు వస్తుంది, రోజులెన్నో పుస్తకంలో చూడండి.

బాత్రూంలో జారిపడి తుంటి విరిగితే మాత్రం Excl02 గడువు అడ్డురాదు, అది ప్రమాదం. పడిన తేదీ, వేళ, ఎలా పడ్డారో చేర్చుకున్న గంటలోనే కేస్ షీటులో రాయించండి. "ఎముకలు గుల్లబారి విరిగింది" అని మాత్రమే రాస్తే, వయసు జబ్బు కింద వేసి మళ్లీ గడువు లెక్కపెడతారు.

కంటి ఆపరేషన్‌కు రెండు మూడు రోజుల ముందే క్యాష్‌లెస్ దరఖాస్తు పెట్టించండి. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ ఆదేశం ప్రకారం కంపెనీ గంటలో జవాబు చెప్పాలి, డిశ్చార్జ్ వేళ మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ కాదన్నట్టు కాదు. డబ్బు కట్టి, ఒరిజినల్ బిల్లులతో తర్వాత రాబట్టుకోవచ్చు. కాదన్నప్పుడు ఏ నిబంధన కింద కాదంటున్నారో, నంబరుతో సహా, రాతపూర్వకంగా అడగండి. Excl01 అని వస్తే డాక్టరు కారణం చెబుతూ ఇచ్చిన పత్రం జత చేసి, అదే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఆ కార్యాలయం కిందివే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాది లోపు వెళ్లాలి. ఫోన్లో ఫిర్యాదు చేయాలంటే ఐఆర్‌డీఏఐ నంబరు 155255.

మీ పాలసీతోపాటు కంపెనీ ఇవ్వాల్సిన రెండు మూడు పేజీల సారాంశ పత్రం ఒకటుంది, కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అంటారు. గడువులు, మినహాయింపులు, హద్దులు అన్నీ అందులో ఉంటాయి. అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలన్నది నియమం. తెలుగులో కావాలని ఈ-మెయిలో, ఉత్తరమో పంపండి. అది వచ్చాక అందులో శుక్లం ఎదురుగా, కీళ్ల మార్పిడి ఎదురుగా పాత మూడు లక్షల తేదీ, కొత్త రెండు లక్షల తేదీ పెన్నుతో రాసి, ఆస్పత్రి ఫైలులో మొదటి కాగితంగా పెట్టుకోండి. 2026 జూన్‌లో మీ అబ్బాయో అమ్మాయో కౌంటర్ దగ్గర నిలబడితే వాళ్లకు కావలసింది ఆ కాగితమే.